ఆరు బుధవారాల సెలవు

ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు అని తెలియగానే ఉద్యోగం చేసేవాళ్లకు మొదట వచ్చే ఆలోచన, ఉన్న సెలవులన్నీ ఒకేసారి పెట్టేసి దగ్గరుండి చూసుకోవాలని. ఆపరేషన్ అయితే అది సరైన ఆలోచనే. ఆసుపత్రిలో చేర్చడం, ఆపరేషన్, డిశ్చార్జి, కుట్లు విప్పడం అన్నీ వరుసగా రెండు మూడు వారాల్లో అయిపోతాయి. కాని కీమోథెరపీ అలా నడవదు. అది నెలల తరబడి, మధ్య మధ్య విరామాలతో సాగుతుంది. దానికి సెలవును కూడా అలాగే విడివిడి రోజులుగా పరచుకోవాలి. ఒకేసారి పెట్టిన సెలవు మొదటి విడతకే కరిగిపోతుంది. ఆ తర్వాత అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లే రోజున చేతిలో సెలవు మిగలదు.

ఒక ఉదాహరణను తేదీలతో సహా చూద్దాం. హైదరాబాదులో ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో జీతాల పని చూసే ఉద్యోగిని ఉన్నారనుకుందాం. తల్లికి రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయింది. డాక్టరు ఆరు విడతల కీమో రాశారు, మూడు వారాలకొకటి. మొదటిది 2026 జూలై 8, బుధవారం. 21 రోజులకొకసారి కాబట్టి ప్రతి విడతా బుధవారమే వస్తుంది. జూలై 8, జూలై 29, ఆగస్టు 19, సెప్టెంబర్ 9, సెప్టెంబర్ 30, అక్టోబర్ 21.

ఆమె 12 రోజుల సెలవు ఒకేసారి పెట్టారనుకోండి. వారానికి ఐదు రోజుల పని అయితే జూలై 8న మొదలైన సెలవు జూలై 23తో ముగుస్తుంది. రెండో కీమో జూలై 29న. అంటే 12 రోజులూ ఒకే విడతకు ఖర్చయిపోయాయి. మిగతా ఐదు విడతలకూ సెలవు లేదు. అదే 12 రోజులను విడదీస్తే ఆరు విడతలకూ సరిపోతాయి. ఎలాగో తెలియాలంటే ఒక్కో విడతలో మనిషి అవసరం నిజంగా ఏ రోజుల్లో ఉంటుందో ముందు చూడాలి.

కీమోకు ముందు రోజో, రెండు రోజుల ముందో రక్త పరీక్ష చేస్తారు. తెల్ల రక్తకణాలు, ప్లేట్‌లెట్లు చాలినన్ని ఉంటేనే మందు ఎక్కిస్తారు. ఈ పరీక్షకు సెలవు అక్కర్లేదు. మంగళవారం పొద్దున్నే ల్యాబ్ మనిషి ఇంటికి వచ్చి రక్తం తీసుకుంటే సాయంత్రానికి రిపోర్టు వస్తుంది. బుధవారం మాత్రం పూర్తి రోజు పోతుంది. డాక్టరు చూడటం, బిల్లు, మంచం దొరకడం, వాంతులు రాకుండా ఇచ్చే మందులు, ఆ తర్వాత కీమో సెలైను, అన్నీ కలిపి సాయంత్రమైపోతుంది. గురువారం సగం రోజు. తెల్లకణాలు పడిపోకుండా ఇచ్చే ఇంజెక్షన్‌ను కొందరికి రాస్తారు. దాన్ని కీమో ముగిసిన 24 గంటల తర్వాతే వేయాలి. బుధవారం మధ్యాహ్నం మూడింటికి సెలైను అయిపోతే గురువారం మూడు దాటాక ఇంజెక్షన్. కాబట్టి గురువారం పొద్దున ఆఫీసుకు వెళ్లి మధ్యాహ్నం నుంచి సెలవు తీసుకోవచ్చు.

ఇక్కడికి విడతకు ఒకటిన్నర రోజు. ఆరు విడతలకు తొమ్మిది రోజులు. మిగిలిన మూడు రోజులు తేదీ లేని సెలవు. కీమో అయిన వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా తగ్గుతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే ఇంట్లో మాత్ర వేసుకుని ఊరుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి వెళ్లాలి. అది ఏ రోజు వస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. అందుకే ఆ మూడు రోజులను ఏ తేదీకీ కట్టకుండా పక్కన ఉంచాలి.

ఇప్పుడు ఏ సెలవును ఏ రోజుకు వాడాలన్నది ప్రశ్న. చాలామంది పొరబడేది ఇక్కడే. క్యాజువల్ లీవు ఏడాది చివర మురిగిపోతుంది కదా, ముందు దాన్నే వాడేసి ఈఎల్ దాచుకుందాం అనుకుంటారు. మామూలు రోజుల్లో అది తెలివైన పద్ధతే. చికిత్స సమయంలో మాత్రం తిప్పి ఆలోచించాలి. ఈఎల్‌కు ముందుగా అర్జీ పెట్టాలి. కొన్నిచోట్ల పదిహేను రోజుల ముందు అడుగుతారు. రాత్రి జ్వరం వస్తే పొద్దున ఈఎల్ దొరకదు. అలాంటప్పుడు అక్కరకొచ్చేది సీఎల్ ఒక్కటే. కాబట్టి తేదీ తెలిసిన రోజులకు ఈఎల్, తేదీ తెలియని రోజులకు సీఎల్. మన ఉదాహరణలో ఆరు బుధవారాలకు ఆరు ఈఎల్. సగం రోజు సెలవును చాలా సంస్థలు సీఎల్‌లోనే ఇస్తాయి కనుక ఆరు గురువారాలకు మూడు సీఎల్. జ్వరం కోసం పక్కన పెట్టినవి ఇంకో మూడు సీఎల్. చివరి విడత అయ్యాక మిగిలిన సీఎల్ ఏవైనా ఉంటే డిసెంబరులోపు వాడుకోవచ్చు.

సిక్ లీవు సంగతి కూడా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దుకాణాలకూ సంస్థలకూ వర్తించే 1988 చట్టం ప్రకారం, ఏడాదిలో 240 రోజులు పనిచేసిన ఉద్యోగికి తర్వాతి ఏడాది 15 రోజుల వేతన సెలవు వస్తుంది. దాన్ని 60 రోజుల దాకా కూడబెట్టుకోవచ్చు. ఇది కాక ఏడాదికి 12 రోజుల అనారోగ్య సెలవు, 12 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. ఇందులో అనారోగ్య సెలవు ఉద్యోగి సొంత జబ్బుకు ఉద్దేశించింది. తల్లి కీమోకు వెళ్లి తనకు ఒంట్లో బాగాలేదని రాస్తే, అది బయటపడిన రోజున మిగతా తేదీలన్నిటి మీదా అనుమానం వస్తుంది. మీ సంస్థ నియమాల్లో కుటుంబ సభ్యుల జబ్బుకు కూడా వాడుకోవచ్చని స్పష్టంగా ఉంటే తప్ప దాని జోలికి పోవద్దు.

ప్రభుత్వ ఉద్యోగులకు లెక్క వేరు. రెండు రాష్ట్రాల్లోనూ ఈఎల్ జనవరి ఒకటిన 15, జూలై ఒకటిన 15 చొప్పున ఖాతాలో పడుతుంది. టీచర్లకు వేసవి సెలవులు ఉంటాయి కాబట్టి వాళ్ల ఈఎల్ తక్కువ. ఈఎల్ మధ్యలో వచ్చిన ఆదివారాలు, పండగలు కూడా సెలవు కింద తరిగిపోతాయి. వరుసగా రెండు వారాలు ఈఎల్ పెడితే అందులో పని రోజులు పదో, పన్నెండో ఉంటాయి కాని ఖాతాలో 14 తగ్గుతాయి. విడిగా ఒక్కో బుధవారం పెడితే ఒక్కొక్కటే తగ్గుతుంది. ఇంకో నియమం కూడా గుర్తుంచుకోవాలి. సీఎల్‌ను ఈఎల్‌తో కలిపి వరుసగా వాడకూడదు. బుధవారం ఈఎల్, గురువారం సగం సీఎల్ అన్న ఏర్పాటు ప్రభుత్వ కార్యాలయంలో కుదరదు. అక్కడ రెండు రోజులూ సీఎల్ గానో, రెండూ ఈఎల్ గానో పెట్టాలి. ఏడాదికి 15 సీఎల్ ఉంటాయి కాబట్టి ఆరు విడతలకు కావలసిన తొమ్మిదీ సీఎల్‌లోనే పెట్టి, మిగిలిన ఆరింటిని జ్వరానికి ఉంచుకోవడం వాళ్లకు సులువైన దారి.

ప్రైవేటు సంస్థల్లో మరో చిక్కు శాండ్‌విచ్ నియమం. శుక్రవారం, సోమవారం సెలవు పెడితే మధ్యలోని శని, ఆదివారాలను కూడా సెలవు కింద లెక్కగడతారు. రెండు రోజులనుకున్నది నాలుగవుతుంది. బుధవారం సెలవుకు ఆ బెడద లేదు. అయితే డాక్టరు రోజు ఎంచుకోమంటే శుక్రవారం గురించి కూడా ఆలోచించండి. ఇంజెక్షన్ శనివారం పడుతుంది, వికారం ఎక్కువగా ఉండే తొలి రెండు రోజులు వారాంతంలో గడుస్తాయి, సోమవారం ఆఫీసుకు వెళ్లిపోవచ్చు. విడతకు ఒక్క రోజే సెలవు. ఆరు విడతలకు తొమ్మిదికి బదులు ఆరు రోజులు చాలు. చాలా ఆసుపత్రుల్లో డాక్టరు ఓపీ రోజును బట్టే కీమో రోజు కూడా ఉంటుంది కనుక ఈ ఎంపిక అందరికీ దొరకదు. దొరికితే మాత్రం ముందే అడగాలి.

ఫ్యాక్టరీ కార్మికులు ఇంకొక విషయం చూసుకోవాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో వార్షిక సెలవును ఏడాదికి మూడుసార్లకు మించి విడగొట్టకూడదని ఉంది. అర్జీ 15 రోజుల ముందు ఇవ్వాలనీ ఉంది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అయినా చాలా ఫ్యాక్టరీల స్టాండింగ్ ఆర్డర్లు పాత చట్టాన్ని అనుసరించి రాసుకున్నవే. కాబట్టి ఆరు విడతలు ప్లాన్ చేసే ముందు పర్సనల్ విభాగంలో ఆ మూడుసార్ల షరతు ఇంకా నడుస్తోందేమో అడగండి. నడుస్తుంటే మూడు విడతలకు వార్షిక సెలవు, మిగతా మూడింటికి సీఎల్ లేదా షిఫ్టు మార్పు అడగాల్సి వస్తుంది. ఉదయం షిఫ్టును రాత్రికి మార్చుకుంటే పగలు ఆసుపత్రికి వెళ్లవచ్చన్నది నిజమే కాని, ఆరు విడతలూ అలా నడిపితే చూసుకునే మనిషే పడిపోతాడు. ఒకటి రెండుసార్లకే ఆ దారి.

లెక్క తేలాక దాన్ని పైఅధికారి ముందు పెట్టడం మిగిలింది. ఏ అధికారి అయినా ఇలాంటి అర్జీ చూసి భయపడేది రోజుల సంఖ్యకు కాదు. మనిషి ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు ఉండదో తెలియకపోవడానికి. ఒకేసారి పెట్టిన 12 రోజుల సెలవును ఆయన అర్థం చేసుకోగలరు. ఆ పన్నెండు రోజులకు ఇంకొకరిని పెడతారు, పని నడుస్తుంది. విడివిడి రోజులు అనగానే నాలుగు నెలలు ఈ మనిషి మీద ఆధారపడలేమన్న అనుమానం వస్తుంది. ఒక్కో సెలవుకు ఒక్కో అర్జీ, ముందు రోజు సాయంత్రం పెట్టుకుంటూ పోతే ఆ అనుమానం నిజమవుతుంది. అందుకే మొదటి కీమోకు ముందే, మొత్తం తేదీలను ఒకే కాగితం మీద చూపించాలి.

ఆ కాగితం రాసే ముందు మీ పని క్యాలెండర్‌ను ఈ తేదీల పక్కన పెట్టి చూసుకోండి. మన ఉదాహరణలోని ఉద్యోగినికి జీతాల పని నెలాఖరులో ఉంటుంది. జూలై 29, సెప్టెంబర్ 30 సరిగ్గా ఆ రోజుల్లోనే పడ్డాయి. అక్టోబర్ 21 దసరా మర్నాడు. ఆ ఏడాది విజయదశమి అక్టోబర్ 20న. ఊళ్లకు వెళ్లిన సహోద్యోగులు అప్పటికి తిరిగి రాకపోవచ్చు. ఈ మూడు ఇబ్బందులనూ ఆమె తానే ముందుగా చెప్పాలి. అధికారి కనిపెట్టి అడిగేదాకా ఆగితే దాచినట్టుంటుంది. చెప్పడంతో పాటు పరిష్కారమూ చూపాలి. జూలై జీతాల పట్టీ 27వ తేదీ సోమవారానికి పూర్తి చేస్తాను, 29న బ్యాంకుకు ఫైలు పంపడం ఒక్కటే మిగులుతుంది, అది ఫలానా సహోద్యోగి చేస్తారు. ఈ మాట రాసే ముందు ఆ సహోద్యోగిని అడిగి ఒప్పించుకోవాలి. బదులుగా తాను ఏం చేస్తుందో కూడా చెప్పాలి. వాళ్లకు దసరా సెలవు కావాలంటే అక్టోబర్ 16, 19 తేదీల పని తాను చూస్తానంటే లెక్క సమానమవుతుంది.

ముందు మేనేజరును విడిగా కలిసి పది నిమిషాలు మాట్లాడాలి. హెచ్‌ఆర్ పోర్టల్‌లో అర్జీ పెట్టేశాక మాట్లాడటం తిరగబడిన పద్ధతి. మాట్లాడాక అదే రోజు రాతపూర్వకంగా పంపాలి. ఆ లేఖ ఇలా ఉండొచ్చు.

గౌరవనీయులైన మేనేజర్ గారికి,

మా అమ్మకు జూలై 8 నుంచి ఆరు విడతల కీమోథెరపీ జరగనుంది. ఆసుపత్రి ఇచ్చిన తేదీల కాగితం జతచేశాను. ఈ ఆరు విడతలకు నేను ఒకేసారి సెలవు తీసుకోకుండా, ప్రతి మూడో బుధవారం పూర్తి రోజు, మర్నాడు గురువారం మధ్యాహ్నం నుంచి సెలవు కోరుతున్నాను. బుధవారాలు ఈఎల్, గురువారాలు సగం సీఎల్. మొత్తం తొమ్మిది రోజులు.

జూలై 29, సెప్టెంబర్ 30 నెలాఖరులో పడుతున్నాయి. ఆ రెండు నెలల జీతాల పట్టీని రెండు రోజుల ముందే పూర్తి చేస్తాను. బ్యాంకు ఫైలు పంపే బాధ్యతకు మన విభాగంలోని సహోద్యోగి అంగీకరించారు. కీమో జరిగే రోజు సాయంత్రం ఆరు తర్వాత ఒకసారి ఫోన్ చూస్తాను.

రక్త పరీక్ష ఫలితం బాగాలేకపోతే ఏ విడత అయినా వారం రోజులు వాయిదా పడవచ్చు. ఆ సంగతి మంగళవారం రాత్రికే మీకు తెలియజేస్తాను. జ్వరం వంటి అత్యవసరానికి మూడు సీఎల్ విడిగా ఉంచుకున్నాను. రెండు విడతలు అయ్యాక, ఆగస్టు మొదటి వారంలో, ఈ ఏర్పాటు పనికి ఇబ్బందిగా ఉంటే మనం కలిసి మార్చుకుందాం.

లేఖ ఇంతే. జబ్బు దశ, మందుల పేర్లు, ఇంటి కష్టాలు అందులో అక్కర్లేదు. కారణం ఒక్క వాక్యం, తేదీలు, సెలవు రకం, పని ఎవరు చూస్తారు, తేదీ మారితే ఏమవుతుంది, ఎప్పుడు సమీక్షిద్దాం. ప్రభుత్వ నిబంధనల్లోని ఎఫ్‌ఆర్ 67 ప్రకారం సెలవును హక్కుగా అడగలేం. ప్రైవేటు సంస్థల్లోనూ ఏ తేదీన ఇవ్వాలన్నది చాలావరకు అధికారి చేతిలోనే ఉంటుంది. కాబట్టి ఆయన కాదనడానికి వెతికే ప్రతి కారణానికీ ముందే సమాధానం ఆ పేజీలో ఉండాలి. సరే అన్నాక ఆ మాటను మెయిల్‌లోనో, అర్జీ మీద సంతకంగానో తీసుకోండి. నాలుగు నెలల్లో మేనేజర్ మారితే నోటిమాట నిలవదు.

వాయిదా సంగతి లేఖలో ఒక్క వాక్యమే అయినా, దాని వెనక లెక్క కట్టి ఉంచుకోవాలి. మూడో విడతకు తెల్లకణాలు తగ్గి ఆగస్టు 19కి బదులు 26న కీమో జరిగిందనుకుందాం. తర్వాతివన్నీ వారం జరుగుతాయి. సెప్టెంబర్ 16, అక్టోబర్ 7, అక్టోబర్ 28. దసరా చిక్కు తొలగింది. కాని ఆగస్టు 26, అక్టోబర్ 28 జీతాల వారంలో పడ్డాయి. అక్టోబర్ 7 సెప్టెంబర్ జీతాల మీద కోసిన టీడీఎస్ కట్టడానికి ఆఖరు రోజు. టీడీఎస్‌ను రెండు రోజుల ముందు కట్టేస్తే సరిపోతుంది. అయితే ఆ సంగతి ఆగస్టులోనే గమనించి కొత్త పట్టిక పంపాలి. తేదీ మారిన ప్రతిసారీ పాత పట్టిక రద్దనీ, ఇక నుంచి ఇదే చెల్లుతుందనీ ఒక మెయిల్ వెళ్లాలి. పోర్టల్‌లో ఒకేసారి రెండు విడతలకు మాత్రమే అర్జీ పెట్టడం మేలు. ఆరూ పెట్టేస్తే వాయిదా పడ్డప్పుడు నాలుగు రద్దులు, నాలుగు కొత్త అర్జీలు అవుతాయి, ఎక్కడో ఒక తేదీ తప్పిపోయి జీతం కోత పడుతుంది.

ఈ ఏర్పాటు గాడి తప్పుతోందని ముందుగానే కనిపెట్టవచ్చు. సెలవు రోజున ఆసుపత్రి వరండాలో కూర్చుని గంటల తరబడి ఆఫీసు ఫోన్లు మాట్లాడుతున్నారంటే పని అప్పగింత సరిగా జరగలేదని అర్థం. తర్వాతి విడతకు ముందు ఆ పనుల జాబితా రాసి సహోద్యోగికి ఇవ్వాలి. అధికారి రెండుసార్లు తేదీ జరపమని అడిగితే, కీమో తేదీ మన చేతిలో లేదని మరోసారి చెప్పి, జరపగలిగేది గురువారం సగం రోజు మాత్రమేనని తేల్చాలి. రెండో విడతకే పక్కన పెట్టిన మూడు సీఎల్‌లలో రెండు అయిపోతే, మిగతా నాలుగు విడతలను ఒక్కరే మోయలేరు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే విడతలు పంచుకోవాల్సిన సమయం అదే. పట్టిక చేతిలో ఉంటే పంచుకోవడం కూడా సులువు. విజయవాడలో ఉన్న తమ్ముడికి సెప్టెంబర్ 30 నీది అని రెండు నెలల ముందే చెప్పవచ్చు, అతనూ తన ఆఫీసులో ముందే అడుగుతాడు.

అన్ని చికిత్సలకూ ఈ పద్ధతి నప్పదు. కీమో తర్వాత రేడియేషన్ ఉంటే అది వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు రోజూ జరుగుతుంది. ఒక్కో రోజు మిషన్ మీద ఉండేది కొద్ది నిమిషాలే. దానికి విడి సెలవులు పెడితే మొత్తం సెలవు హారతి కర్పూరంలా కరిగిపోతుంది. అక్కడ అడగాల్సింది సెలవు కాదు, ఆ కొన్ని వారాలు రోజూ గంటన్నర ఆలస్యంగా వచ్చి అంతే ఆలస్యంగా వెళ్లే వీలు. ఆపరేషన్‌కు ఒకేసారి సెలవు, కీమోకు విడివిడి రోజులు, రేడియేషన్‌కు పని వేళల మార్పు. చికిత్స ఏ తీరున నడిస్తే సెలవూ ఆ తీరున ఉండాలి.

ఇది చదువుతున్న వారిలో అధికారులూ ఉంటారు. ఇలాంటి పట్టిక మీ బల్ల మీదకు వస్తే రోజులు లెక్కపెట్టే ముందు ఆ కాగితాన్ని చదవండి. తన పని ఆగకుండా ఏర్పాటు చేసుకుని వచ్చిన ఉద్యోగి అది. ఉద్యోగులకు చెప్పేది ఒక్కటే. డాక్టరు కీమో తేదీలు చెప్పిన రోజే క్యాలెండర్ తీసి ఆ తేదీల పక్కన మీ పని తేదీలు రాయండి. మొదటి సెలైను ఎక్కకముందే ఆ పేజీ మీ అధికారి చేతిలో ఉండాలి.